నాన్న అరవయ్యో పుట్టినరోజు కానుకతో పెట్టే ఉత్తరం ఎలా రాయాలి?

ప్రశ్న: వచ్చే నెల మా నాన్నకి అరవై నిండుతాయి. ఆయనకి పుస్తకాలంటే ప్రాణం, అందుకే పక్కన నిలబెట్టుకుని చదువుకునే మంచి ల్యాంప్ ఒకటి ఆయనకి తెలియకుండా కొన్నాను. దాంతో పాటు ఒక ఉత్తరం పెట్టాలని మూడుసార్లు రాశాను. ప్రతిసారీ గ్రీటింగ్ కార్డులా వస్తోంది. మేమిద్దరం మనసు విప్పి మాట్లాడుకునే రకం కాదు. ఏం రాయాలి, ఎంత రాయాలి, ఎప్పుడు ఇవ్వాలి?

సమాధానం:

నేను బడిలో తెలుగు చెప్పేదాన్ని. రిటైరయ్యాక తెలిసినవాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లు ఇలాంటి ఉత్తరాలు పట్టుకొచ్చి చూడమంటుంటారు, అందులో సగానికి పైగా కూతుళ్లు నాన్నలకి రాసేవే. మీకు వచ్చిన ఇబ్బందే దాదాపు అందరికీ వస్తుంది. కారణం కూడా ఒకటే. ఉత్తరం మొదలుపెట్టగానే మనం మన నాన్నకి రాయడం మానేసి "తండ్రి" అనే ఒక పెద్ద మాటకి రాయడం మొదలుపెడతాం. వేలు పట్టి నడిపించారు, కష్టం తెలియకుండా పెంచారు, నా ధైర్యం మీరే. ఇవన్నీ నిజాలే కావచ్చు. కానీ మీ ఉత్తరంలోని ఆ వాక్యాన్ని మీ స్నేహితురాలు తీసుకెళ్లి వాళ్ల నాన్నకి ఇచ్చినా సరిపోతుందా అని అడిగి చూడండి. సరిపోతే దాన్ని కొట్టేయండి. మీ మూడు చిత్తుప్రతుల్నీ ఇలా కొట్టుకుంటూ వెళ్తే ఒక్కోదాంట్లో రెండు మూడు వాక్యాలు మిగులుతాయి. అసలు ఉత్తరం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇంకో పొరపాటు సంబోధన దగ్గరే జరుగుతుంది. ఇంట్లో "నాన్నా, నువ్వు" అని పిలిచే అమ్మాయి కాగితం ముందు కూర్చోగానే "ప్రియమైన నాన్నగారికి, మీరు" అని రాసేస్తుంది. అది చదివే మనిషికి మొదటి లైన్లోనే, ఇది నా కూతురు మాట్లాడుతున్నట్టు లేదు అనిపిస్తుంది. నోటితో ఏమని పిలుస్తారో అదే రాయండి. నువ్వు అంటే నువ్వే, మీరు అంటే మీరే. ఇంట్లో వాడే మాట ఏదైనా ఉంటే దాన్ని పుస్తకాల భాషలోకి మార్చకండి. మీ ప్రశ్నని ఎంత హాయిగా రాశారో చూడండి, ఉత్తరం కూడా ఆ గొంతుతోనే ఉండాలి.

ఇక ఏం రాయాలనేది. ఉత్తరం నాన్నకి తెలియని విషయం ఒకటి చెప్పాలి. ఆయన మిమ్మల్ని చదివించారన్నది ఆయనకి తెలుసు, కష్టపడ్డారన్నదీ తెలుసు. ఆయనకి తెలియనిది ఏమిటంటే మీరు ఏం చూశారో, ఏం గుర్తుపెట్టుకున్నారో, అది ఇప్పటికీ మీలో ఎక్కడ పనిచేస్తోందో. మీ నాన్న ఎవరూ చూడట్లేదనుకుని చేసిన పని ఒకటి మీరు చూసి ఉంటారు. అది దొరికితే ఉత్తరం దొరికినట్టే. పెద్ద త్యాగాలు వెతక్కండి, వాటి గురించి రాస్తే మళ్లీ కార్డులోకే వెళ్లిపోతారు. నేను అందరికీ చెప్పేది ఒక్కటే, మూడు నాలుగు రోజులు చిన్న కాగితం దగ్గర పెట్టుకుని గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు రాసుకోండి: ఆయన చేతులు ఏం చేస్తుండేవి, పదే పదే అనే మాట ఏది, ఒకప్పుడు చేసి తర్వాత మానేసిన పని ఏది. మూడోది ఎక్కువగా పనిచేస్తుంది. మానేసిన పని వెనక చాలాసార్లు ఒక కథ ఉంటుంది, అందులో మీరు కూడా ఉంటారు.

ఒక ఉత్తరం ఎలా తయారైందో చెప్తాను. రాసినామె ఒప్పుకుంది, వివరాలు కొన్ని మార్చాను.

ఆమె కానుక వాళ్ల నాన్న పాత చేతివాచీ. రోజూ కీ ఇచ్చే రకం. ఎప్పుడో ఆగిపోయి బీరువా అరలో పడి ఉంటే, వాళ్లమ్మ చేత తీయించి బాగుచేయించింది. నా దగ్గరికి తెచ్చిన ఉత్తరంలో ఇలా ఉంది: "కాలం ఎంత విలువైందో మీరే నేర్పారు నాన్నగారూ. మీ అరవై ఏళ్ల ప్రయాణంలో ప్రతి క్షణం మా కోసమే గడిపారు. ఈ వాచీలోని ముల్లులా అలుపు లేకుండా తిరిగారు." ఇలా రెండు పేజీలు. వాచీ చేతిలో ఉంది కాబట్టి కాలం గురించి రాసింది, అంతే. మీరు కూడా ల్యాంప్ ఇస్తున్నారు కాబట్టి వెలుగు గురించి రాసి ఉంటారు. మా జీవితాల్లో వెలుగు నింపారు అని ఒక్క వాక్యమైనా ఉండే ఉంటుంది, ఉంటే తీసేయండి.

నేను ఆమెని ఉత్తరం గురించి అడగలేదు, వాచీ గురించి అడిగాను. ఎప్పుడు ఆగింది, ఎలా ఆగింది అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, నేనే పడేశానండి, తొమ్మిదేళ్లప్పుడు, ఎవరికీ చెప్పలేదు అంది. ఆ తర్వాత బాగుచేసినాయన చెప్పిన సంగతి ఒకటి చెప్పింది. పాత వాచీలు బాగుచేసేవాళ్లలో చాలామంది మూత లోపలి వైపు సన్నగా, కంటికి ఆనీ ఆననట్టు ఒక గుర్తో తేదీయో గీసి పెట్టుకుంటారు. ఈ వాచీ మూతలోనూ అలాంటి గీత ఉందట. ఆ గీతలోనే ఆమె ఉత్తరం ఉంది, ఆమె మాత్రం దాన్ని వదిలేసి కాలం విలువ గురించి రాసింది.

మూడోసారికి తయారైన ఉత్తరం ఇది.

"నాన్నా,

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం నువ్వు పడుకుని ఉంటే, బల్ల మీద ఉన్న నీ వాచీ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆ చప్పుడంటే నాకు ఇష్టం. చెయ్యి జారి కింద పడింది. తీసి మళ్లీ చెవి దగ్గర పెట్టుకుంటే చప్పుడు లేదు. ఎక్కడిది అక్కడ పెట్టేసి బయటికి వెళ్లిపోయాను.

సాయంత్రం అమ్మ అడిగితే, కీ ఎక్కువ తిప్పేశాను, పోయింది అన్నావు. నేను తలుపు పక్కనే ఉన్నాను. నీకు తెలియలేదనుకున్నాను. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను.

ఈమధ్య బాగుచేసే ఆయన మూత తెరిచి, కీ వల్ల పోయింది కాదమ్మా, ఇది కింద పడ్డ వాచీ అన్నాడు. లోపల ఊగే చక్రం ఇరుసు కొన విరిగిందట. మూత లోపల గీసిన నెల, సంవత్సరం చూపించాడు. నేను పడేసిన నెలే. అంటే నువ్వు అప్పుడే ఎవరికో చూపించావు. వాళ్లు నీకు చెప్పే ఉంటారు. నువ్వు నన్ను ఒక్క మాట అడగలేదు.

పడేసింది నేనే నాన్నా.

మొన్న మీ మనవరాలు గాజు గ్లాసు పగలగొట్టి తలుపు వెనక నిలబడింది. గట్టిగా అడగబోయి ఆగాను.

వాచీ ఇప్పుడు నడుస్తోంది. రోజూ పొద్దున ఒకే వేళకి కీ ఇవ్వమన్నాడు. బిగుసుకున్నట్టు అనిపించగానే ఆపెయ్యాలి. నీళ్లు తగలనివ్వద్దు. రోజుకి అర నిమిషం అటూ ఇటూ అయినా ఇంత పాత వాచీకి తప్పు కాదట. డయల్ మీద మరకలు అలాగే ఉంచమన్నాను, కొత్త రంగు వేస్తే నాకు గుర్తున్న వాచీ కాదు.

పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకో. లేదంటే అరలోనే ఉండనీ."

కింద పేరు. అంతే. ఇందులో ప్రేమ అనే మాట లేదు, కృతజ్ఞత లేదు, అరవై అనే అంకె కూడా లేదు. అరవై ఎన్నిసార్లు రాస్తే చదివేవాళ్లకి అంత వయసు గుర్తొస్తుంది. ఆ రోజు అందరూ ఆ అంకె చెప్తూనే ఉంటారు, మీ ఉత్తరానికి ఆ పని అక్కర్లేదు.

రెండో చిత్తుప్రతిలో ఆమె "పడేసింది నేనే" తర్వాత క్షమించమని ఆరు వాక్యాలు రాసింది. ఎంత భయపడిందీ, ఎన్ని రాత్రులు నిద్రపోలేదూ అని. అవన్నీ నేను తీయించాను. కానుక ఇచ్చే రోజు నాన్న చేత ఓదార్పు చెప్పించుకోకూడదు. ఒప్పుకోలు ఒక్క వాక్యంలో ఉంటే అది ఆయనకి ఇచ్చినట్టు ఉంటుంది, ఆరు వాక్యాలైతే ఆయన్నుంచి అడుగుతున్నట్టు ఉంటుంది. మనవరాలి గ్లాసు సంగతి మాత్రం పట్టుబట్టి ఉంచాను, ఎందుకంటే ఆయన ఆ రోజు ఊరుకోవడం ఎక్కడిదాకా వచ్చిందో ఆయనకి తెలియడానికి వేరే దారి లేదు. దాని తర్వాత "ఇది నీ దగ్గరే నేర్చుకున్నాను" అని ఒక వాక్యం ఉండేది, అదీ తీసేశాం. గ్లాసు దగ్గర ఆగితే ఆయనే అర్థం చేసుకుంటారు, ఆ పని ఆయనకి వదిలేయాలి.

చివర వాచీ ఎలా వాడాలో చెప్పే నాలుగు మాటలు మీకు పొడిగా అనిపించవచ్చు. మనసులో మాట పైకి చెప్పుకోని ఇళ్లలో ఇవే చాలా పని చేస్తాయి. నీళ్లు తగలనివ్వద్దు అన్నప్పుడు ఆ కూతురు ఎంత పట్టించుకుని అడిగి తెలుసుకుందో తెలుస్తుంది, పైగా బరువైన మాట చదివాక ఆయనకి ఊపిరి తీసుకోవడానికి చోటు దొరుకుతుంది. ఆఖరి వాక్యం కూడా కావాలనే అలా రాసింది. కానుక ఇచ్చి "రోజూ పెట్టుకోవాలి" అంటే అది ఆయనకి ఒక డ్యూటీ అవుతుంది.

ఇప్పుడు మీ ల్యాంప్. కానుక పాత వస్తువు కాకుండా కొత్తగా కొన్నదైనప్పుడు దానికి సొంత కథ ఉండదు, కాబట్టి ఉత్తరమే దాన్ని ఒక చోటికి ముడివేయాలి. ఆయన ఎక్కడ కూర్చుని చదువుతారు? పుస్తకం ఎలా పట్టుకుంటారు? వెలుతురు చాలక కుర్చీ కిటికీ వైపు జరుపుకుంటారా? రాత్రి ఎవరి నిద్రా పాడుకాకూడదని చిన్న లైటు కిందే చదివేవారా? చిన్నప్పుడు మీరు నిద్రపోయినట్టు పడుకుని ఆయన పేజీ తిప్పే చప్పుడు విన్నారా? వీటిలో ఏది నిజమో నాకు తెలియదు, మీకు తెలుసు. ఒక్కటి తీసుకుని అందులో ఉన్న వస్తువులన్నీ రాయండి. ఉదాహరణకి, పుస్తకాన్ని లైటు కిందకి వంచి పట్టుకునేవాడివి, నీడ ఎప్పుడూ ఎడమ పేజీ మీదే పడేది అని రాస్తే, ల్యాంప్ ఎందుకు కొన్నారో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. చదువుకునే ల్యాంపుని అరవయ్యో ఏట ఇస్తే "నీకు కళ్లు కనిపించట్లేదు కదా" అన్నట్టు వినిపించే ప్రమాదం ఉంది. వయసుతో పాటు చదవడానికి ఎక్కువ వెలుతురు కావాల్సి రావడం నిజమే, కానీ అది ఉత్తరంలో ఉండకూడదు. ఆరోగ్యం జాగ్రత్త, ఇక విశ్రాంతి తీసుకో, ఇన్నాళ్లూ చేసింది చాలు, ఇవీ వద్దు. ఇవన్నీ ప్రేమతో రాసేవే, చదివే ఆయనకి మాత్రం ఏదో ముగిసిపోయిందని చెప్తున్నట్టు ఉంటుంది. ల్యాంప్ ఇంకా చదవబోయే పుస్తకాల కోసం, వాక్యాలు కూడా అటువైపే చూడాలి.

ఇంకో రకం తప్పు మరీ కనిపెట్టలేనట్టు ఉంటుంది, మెచ్చుకోలులో దాక్కున్న ఫిర్యాదు. "ఎప్పుడూ పనిలోనే ఉన్నా మమ్మల్ని ప్రేమించావు." "పైకి చూపించకపోయినా నీకు ప్రేమ ఉందని తెలుసు." రాసేవాళ్లకి ఇవి పొగడ్తలే. కానీ నాన్న దాంట్లో మొదటి సగమే చదువుతాడు. "అయినా", "పోయినా" ఉన్న వాక్యాలన్నింటి కింద గీత గీసుకుని, ముందు సగం లేకుండా రాయగలరేమో చూడండి. రాయలేకపోతే ఆ మాట నిజంగా ఫిర్యాదే. అది ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం, పుట్టినరోజు ఉత్తరంలోది కాదు. అలాగే ఆయన అప్పులు, ఓడిపోయిన సందర్భాలు, ఎవరికీ చెప్పకుండా ఉంచుకున్నవి మీకు తెలిసినా రాయకండి, ఉత్తరం ఇంట్లో ఎవరి చేతికైనా వెళ్తుంది.

ఎంత అంటే నూట యాభై నుంచి రెండు వందల మాటలు. చేత్తోనే రాయండి. తెలుగు చేత్తో రాసి చాలా ఏళ్లయిందంటే ముందు ఫోన్లో టైప్ చేసుకుని, అది చూసి కాగితం మీద ఎక్కించండి. అక్షరాలు వంకరగా ఉన్నా పర్వాలేదు, చిన్నవిగా ఉంటే మాత్రం కుదరదు. ఇది నేను అనుభవించి తెలుసుకున్నాను. మా నాన్నగారికి రాసినప్పుడు ఒకే పేజీలో పట్టించాలని సన్నని పెన్నుతో, లేత నీలం సిరాతో, లైను కింద లైను ఇరికించి రాశాను. అందరూ చుట్టూ ఉండగా ఇచ్చాను. ఆయన దగ్గర ఆ వేళకి చదివే కళ్లద్దాలు లేవు. కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నారు, దగ్గరికి తెచ్చారు, మళ్లీ దూరం పెట్టారు. పక్కనున్న బంధువు ఒకాయన తీసుకుని పైకి చదివేశారు. నేను ఆయన ఒక్కరి కోసం రాసిన మాట పదిహేను మంది విన్నారు, ఆయన తల వంచుకుని కూర్చున్నారు. తర్వాత ఆ ఉత్తరం గురించి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇప్పటికీ ఆ వంచిన తల నాకు కనిపిస్తుంది.

అందుకే నల్ల సిరా గానీ ముదురు నీలం గానీ, కొంచెం మందంగా రాసే పెన్ను. తెలుగుకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి, ఇంగ్లీషు కంటే లైన్ల మధ్య చోటు ఎక్కువ కావాలి. గీతల కాగితమైతే లైను విడిచి లైను రాయండి. అలా రాస్తే ఏ4 కాగితం మీద వంద, నూటపది మాటలకి మించి పట్టవు, కాబట్టి రెండు కాగితాలు తీసుకోండి, ఒక వైపే రాయండి. మామూలు ప్రింటింగ్ కాగితం కంటే కొంచెం దళసరిది అయితే సిరా వెనక్కి దిగదు. పూర్తయ్యాక చేయి చాచినంత దూరంలో పెట్టి, కళ్లు చికిలించకుండా చదవగలరేమో చూసుకోండి. తర్వాత గొంతెత్తి ఒకసారి చదవండి. మీ నోరు ఎక్కడ తడబడితే అక్కడ మీది కాని మాట ఉంది.

ఇవ్వడం గురించి. ల్యాంప్ అందరి ముందూ ఇవ్వండి, సర్‌ప్రైజ్ దానికి చాలు. ఉత్తరం కవరులో పెట్టి అంటించి, పైన "నాన్నకి, తర్వాత చదువుకో" అని రాసి, ఆయన ఇప్పుడు చదువుతున్న పుస్తకంలో గుర్తు పెట్టుకున్న పేజీ దగ్గర ఉంచండి. ఆ రాత్రో మర్నాడో ల్యాంప్ వేసుకుని పుస్తకం తెరుస్తారు, అప్పుడు దొరుకుతుంది. ల్యాంపు ముందే బిగించి, బల్బు వెలుగుతోందో లేదో చూసి పెట్టండి, లేకపోతే ఆ రాత్రి ఆయన పాత చోటే కూర్చుంటారు.

ఆ తర్వాత "చదివావా?" అని అడక్కండి. మీ అమ్మకి ఫోన్ చేసి నాన్న ఏమన్నాడు అని కూడా వాకబు చేయకండి, ఆ సంగతి ఆయన దాకా వెళ్తుంది. మాటలు పెద్దగా లేని మనిషి జవాబు ఎలా ఇస్తాడో మనం చెప్పలేం. వాచీ ఇచ్చినామె రెండు రోజులు ఫోన్ చేతిలో పట్టుకునే తిరిగింది, నాకు మెసేజ్ పెట్టింది, ఏమీ అనలేదండి, నచ్చలేదేమో అని. మూడో రోజు పొద్దున్నే ఆయనే ఫోన్ చేశారట. పలకరింపు కూడా లేకుండా, "రోజుకి ఇరవై సెకన్లు వెనకపడుతోంది, ఆయనకి చెప్పు" అన్నారట.